ఐదర్ ఆర్ సర్వైవర్ ఉంటే డబ్బు చేతికొస్తుంది, కానీ సొంతమైపోదు

ప్రశ్న: అమ్మా నాన్నల పేర్ల మీద ఐదర్ ఆర్ సర్వైవర్ అని జాయింట్ అకౌంట్ ఉంది, అవే పేర్లతో ఎఫ్‌డీలు కూడా ఉన్నాయి. ఒకరు పోతే రెండోవాళ్ళు మొత్తం తీసేసుకోవచ్చా? అప్పుడిక ఆ డబ్బు వాళ్ళదేనా, పిల్లలకి వాటా ఉండదా?

ఐదర్ ఆర్ సర్వైవర్ అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే బతికున్నవారు ఒక్కరే తీసుకోవచ్చని. కాబట్టి సేవింగ్స్ అయితే తీసేసుకోవచ్చండి, అందులో ఏ ఇబ్బందీ లేదు. ఎఫ్‌డీకి మాత్రం గడువు తీరిందా లేదా అన్నది చూడాలి. ఇక డబ్బు వాళ్ళదేనా అంటే, కాదు. తీసుకునే హక్కు వేరు, సొంతదారు అవ్వడం వేరు. ఈ తేడా మా ఇంట్లో దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మా బాబాయి టీచర్‌గా రిటైరయ్యారు. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి 6 లక్షలు తన పేరు, పిన్ని పేరు కలిపి ఐదేళ్ళకి ఎఫ్‌డీ వేశారు, ఐదర్ ఆర్ సర్వైవర్. సేవింగ్స్ కూడా అంతే. తర్వాత మేడ మీద రెండు గదులు వేయించడానికి తెలిసినవాళ్ళ దగ్గర 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఎఫ్‌డీ ఇంకా ఏడాది పైనే ఉందనగా గుండెపోటొచ్చి పోయారు. సేవింగ్స్‌లో ఉన్న డబ్బు పిన్ని తన కార్డుతోనే తీసి కార్యక్రమాలకి వాడింది, ఎవరూ ఏమీ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. పెద్దకర్మ అయ్యాక పిన్ని అన్నమాట ఒక్కటే, ముందా అప్పు తీర్చేద్దాం రా అని. సరైన మాటే కదా, 3 లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 6,000 పోతోంది, అదే 3 లక్షల మీద ఎఫ్‌డీ ఏడు శాతం ఇచ్చినా నెలకి 1,750 వస్తుంది. ఎఫ్‌డీ బ్రేక్ చేసి అప్పు కట్టేస్తే సరిపోతుందని నేనూ పిన్నీ బ్యాంకుకి వెళ్ళాం.

అక్కడ ఆఫీసరు రసీదు తిప్పి చూసి, "మెచ్యూరిటీ అయితే మీ ఒక్కరి సంతకంతో ఇచ్చేస్తామమ్మా, ముందే కావాలంటే సార్ తరఫు వారసులందరూ ఒప్పుకుంటూ సంతకాలు పెట్టాలి" అన్నాడు. పిన్ని బిత్తరపోయింది. ఐదర్ ఆర్ సర్వైవర్ అనే కదా ఉంది, సర్వైవర్‌ని నేనే కదా అంటుంది. ఆయన చెప్పింది మాత్రం రూలే. ఎఫ్‌డీ మీద ఐదర్ ఆర్ సర్వైవర్ అన్న మాట గడువు తీరాక డబ్బు ఎవరికివ్వాలి అన్నదానికే పనికొస్తుంది. గడువుకి ముందే తీయడమంటే ఇద్దరూ కలిసి బ్యాంకుతో చేసుకున్న ఒప్పందాన్ని మధ్యలో మార్చడం, అందుకని ఇద్దరూ బతికున్నప్పుడు కూడా దానికి ఇద్దరి సంతకాలూ అడుగుతారు, ఒకరు పోతే ఆ పోయినవాళ్ళ స్థానంలో వారసులొస్తారు.

దీనికి మందు కూడా ఆ రూల్‌లోనే ఉంది, బాధంతా అదే. ఇద్దరూ బతికుండగా "గడువుకి ముందు తీసుకోవడానికి కూడా ఐదర్ ఆర్ సర్వైవరే వర్తిస్తుంది" అని ఒక జాయింట్ మాండేట్ మీద సంతకాలు పెట్టి ఇస్తే, తర్వాత ఒకరు పోయినా రెండోవాళ్ళు వారసులతో పని లేకుండా ఎఫ్‌డీ బ్రేక్ చేసుకోవచ్చు. ఎఫ్‌డీ వేసేటప్పుడే ఇవ్వాలని కూడా లేదు, మధ్యలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు. 2012 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ఇచ్చి మరీ ఈ సంగతి ఫారంలో పెట్టండి, పాత కస్టమర్లకీ కొత్త కస్టమర్లకీ తెలియజెయ్యండి అని బ్యాంకులకి చెప్పింది. ఎవరు చెబుతున్నారండీ? ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టడానికి ఫోన్ మీద ఫోన్ చేస్తారు గానీ ఈ ఒక్క సంతకం గురించి ఫోన్ చేసిన బ్రాంచి నేను చూడలేదు. అకౌంట్ ఎవరి సంతకంతో నడవాలో అడిగే మోడ్ ఆఫ్ ఆపరేషన్ దగ్గర టిక్కు కూడా చాలా చోట్ల మనం కాదు, కౌంటర్‌లో అబ్బాయే పెట్టేస్తాడు, మనం ఇంటూ మార్కులున్న చోటల్లా సంతకాలు పెట్టి వచ్చేస్తాం.

సరే, వారసులెవరో లెక్క తీస్తే నలుగురు తేలారు. పిన్ని, కొడుకు, కూతురు, మా నానమ్మ. నానమ్మ ఎందుకూ అని పిన్ని కూడా అడిగింది. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం వీలునామా లేకుండా మగమనిషి పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా క్లాస్ వన్ వారసురాలే, అందరితో సమానంగా. తండ్రి కాదు, తల్లి. ఇది చాలామందికి తెలియదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీసేవలో అప్లై చేస్తే అందులోనూ నానమ్మ పేరు వచ్చింది. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, సంతకం పెట్టి పంపిస్తానన్నాడు. నానమ్మది వేలిముద్ర, అదీ అయ్యేదే. కూతురు, అంటే నా చెల్లెలు మాత్రం పెట్టనంది. మేడ మీద గదులు అన్నయ్యకే అని బాబాయి ఎప్పుడో నోరు జారారు, ఆ కోపం. ఆ గదుల కోసం చేసిన అప్పుకి నా సంతకం ఎందుకు అంటుంది, దాని వైపు నుంచి చూస్తే అదీ తప్పని చెప్పలేం. నలుగురిలో ఒక్కరు కాదన్నా బ్యాంకు కదలదు. పైగా మొదట్లో ఆ కౌంటర్‌లో గడువుకి ముందు తీస్తే పెనాల్టీ కూడా కోస్తామన్నారు. డిపాజిటర్ చనిపోయిన కేసులో ముందు తీసినా పెనాల్టీ వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ 2005లోనే చెప్పింది, గట్టిగా అడిగితే అప్పుడు లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి నిజమే అన్నారు. అడగనివాళ్ళ సంగతేంటో మరి.

చివరికి పిన్ని గడువు దాకా ఆగింది, నెలనెలా 6,000 వడ్డీ కడుతూనే. ఇక్కడ ఇంకో మెలిక ఉంది చూడండి. ఆ ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ పెట్టి ఉంది. గడువు తేదీ దాటి అదే మళ్ళీ ఐదేళ్ళకి రెన్యూ అయిపోయుంటే మళ్ళీ ‘గడువుకి ముందు’ కథే, మళ్ళీ నలుగురి సంతకాలే. అందుకని తేదీకి ముందే రెన్యువల్ వద్దు, సేవింగ్స్‌లో వెయ్యండి అని పిన్ని చేత లెటర్ రాయించి ఇచ్చాం. గడువు రోజున డెత్ సర్టిఫికెట్ కాపీ, రసీదు, పిన్ని కేవైసీ, అంతే, డబ్బు పడిపోయింది. వారసులెవరో తేల్చి కోర్టిచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ లేదు, రేపు తేడా వస్తే నష్టం నేను భరిస్తానని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్ లేదు. సర్వైవర్ క్లాజ్ ఉంటే మొత్తం ఎంతైనా సరే అవి అడగకూడదు, మీ దగ్గర ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. డబ్బు పిన్ని అకౌంట్లో పడింది కదా, పిన్నిదైపోయిందా? లేదు. సర్వైవర్‌కి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది, అంతవరకే. తీసుకున్న మనిషి వారసులందరి తరఫునా ట్రస్టీలాగా తీసుకున్నట్టు లెక్క, ఆ మాట తీసుకునేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలని కూడా రిజర్వ్ బ్యాంకే అంది. ఇది కొత్తదేం కాదు, 1928లో, అప్పట్లో మనకి అన్నిటికన్నా పై కోర్టయిన ప్రివీ కౌన్సిల్ గురన్ దిత్తా కేసులో చెప్పిందే. భర్త తన డబ్బు భార్య పేరు కూడా కలిపి ఐదర్ ఆర్ సర్వైవర్‌గా డిపాజిట్ చేసినంత మాత్రాన ఆమెకి బహుమతిగా ఇచ్చినట్టు కాదు అని. అసలు డబ్బు ఎవరు వేశారు, ఏ ఉద్దేశంతో వేశారు అన్నదే చూస్తారు. మా కేసులో మొత్తం బాబాయి రిటైర్మెంట్ డబ్బే, కాబట్టి వడ్డీ పక్కన పెడితే 6 లక్షల్లో తలా లక్షన్నర. పిన్ని సంపాదనలోంచి సగం వేసుంటే ఆ సగం పూర్తిగా పిన్నిది, మిగతా 3 లక్షలే నాలుగు వాటాలు. బ్యాంకు ఈ పంపకంలో వేలు పెట్టదు, వాటా రాకపోతే మిగతావాళ్ళు సివిల్ కోర్టుకి వెళ్ళాల్సిందే. మా వాళ్ళు అంత దాకా రాలేదు, నానమ్మ నాకెందుకే డబ్బులు, నువ్వే ఉంచుకో అంది, పిన్ని తన కూతురికి లక్షన్నర ట్రాన్స్‌ఫర్ చేసి మిగిలినదాంట్లోంచే అప్పు తీర్చింది. బాబాయి ఒక వీలునామా రాసుంటే, ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్లకాగితం మీద రాసినా చెల్లేది, రిజిస్టర్ కూడా తప్పనిసరి కాదు, ఈ లెక్కే ఉండేది కాదు. పిన్నికే మొత్తం అని రాస్తే పిన్నికే.

నామినీ ఉన్నాడుగా అని ఎవరైనా అంటే నమ్మకండి. జాయింట్ అకౌంట్‌లో నామినీ మాట ఇద్దరూ పోయాకే వస్తుంది, అప్పుడు కూడా అతను తీసుకునేవాడే గానీ సొంతదారు కాడు. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు, వాళ్ళకీ ఇదే.

మీరు అడగకపోయినా ఇదొక్కటీ చెప్పాలి. పెద్దవాళ్ళ సేవింగ్స్‌లో సాయంగా ఉంటాడని ఒక కొడుకు పేరు కలిపి ఐదర్ ఆర్ సర్వైవర్ పెట్టేస్తుంటారు. అంటే వాళ్ళు బతికుండగానే ఆ కొడుకు ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తం ఊడ్చేయొచ్చు, బ్యాంకుని తప్పు పట్టడానికి ఉండదు. అనుమానమొస్తే ఒక్కరు లెటర్ ఇచ్చినా చాలు, సింగిల్ సంతకంతో లావాదేవీలు ఆపేస్తారు, అది మళ్ళీ తెరవాలంటే మాత్రం ఇద్దరూ రావాలి. అలాంటి అకౌంట్లకి ఫార్మర్ ఆర్ సర్వైవర్ పెట్టించండి, మొదటి పేరు పెద్దవాళ్ళది. వాళ్ళున్నంత కాలం వాళ్ళొక్కరే తీస్తారు, తర్వాతే రెండోవాళ్ళకి. భయపడి ఉత్త జాయింట్లీ మాత్రం పెట్టకండి, ఒకరు పోగానే మిగిలినవాళ్ళు ఒంటరిగా రూపాయి తీయలేరు, వారసులందరూ కలిసి రావాలి.

మీ అమ్మా నాన్నలిద్దరూ ఉన్నారంటున్నారు కాబట్టి రేపే బ్రాంచికి తీసుకెళ్ళండి. ప్రతి ఎఫ్‌డీ నంబరూ రాసి, "పై డిపాజిట్లను గడువుకి ముందు కూడా మాలో ఎవరైనా లేదా బతికున్నవారు ఒక్కరే తీసుకునేందుకు అంగీకరిస్తున్నాము" అని ఇద్దరూ సంతకాలు పెట్టాలి, బ్యాంకుకి సొంత ఫారం ఉంటే అందులోనే. కాపీ మీద సీలూ తేదీ వేయించుకోండి, సిస్టమ్‌లో ఎక్కించారో లేదో అక్కడే చూపించమనండి. ఎఫ్‌డీ రెన్యూ అయి కొత్త నంబరొస్తే పాత మాండేట్ దానికి కూడా ఉందా అని మళ్ళీ అడగాలి.