లింకు మాటలు లెక్కపెట్టొద్దు, విడిగా చదివి చూడండి

ప్రశ్న: మా చీరల అంగడి వెబ్‌సైట్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఇవ్వాలంటే ఏ మాటల మీద ఇవ్వాలి? అందులో కీవర్డ్ ఎన్నిసార్లు పెట్టాలి?

అనంతపురంలో మా చిన్నాయన కొడుకుది ధర్మవరం చీరల అంగడి. సైట్ పని ఒక ఏజెన్సీకి ఇచ్చినాడు. వాళ్లు ఆటోమేటిక్‌గా లింకులు వేసే ప్లగిన్ ఒకటి పెట్టిపోయారు. పేజీలో "ధర్మవరం పట్టు చీరలు" అని ఎక్కడ కనబడితే అక్కడ లింకు, అన్నీ హోమ్ పేజీకే. కొన్ని వాక్యాల్లో ఆ మాట అతకకపోయినా ఇరికించారు: "మీ ధర్మవరం పట్టు చీరలు మడతల దగ్గర ధర్మవరం పట్టు చీరలు జరీ నల్లబడితే" అని. ఇట్లాంటి పనికి నెలనెలా బిల్లు. బిల్లు మాత్రం మంచి తెలుగులో, ఒక్క తప్పు లేకుండా వచ్చేది.

అన్న దగ్గర ఎప్పట్నుంచో చీరలు కొనే ఒక సారుకు చూపు లేదు. కూతురి పెళ్లి చీరలకని వచ్చి, అంగట్లోనే ల్యాప్‌టాప్ తెరిచి సైట్ విన్నారు. ఆయన వాడేది తెరమీది మాటలు చదివి వినిపించే NVDA అనే సాఫ్ట్‌వేర్. అందులో Insert+F7 నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి, చుట్టూ ఉన్న వాక్యాలు ఉండవు. బాణం కీ నొక్కుతూ పోతే "ధర్మవరం పట్టు చీరలు, ధర్మవరం పట్టు చీరలు" అని అదే పాట. మధ్యలో "ఇంకా చదవండి", "ఇక్కడ క్లిక్ చేయండి". సారు నవ్వి, "ఏమప్పా, చీర ఎట్ల దాచుకోవల్లో రాసినావంటివే, అది యాడుందో చెప్పు" అన్నారు. అన్న దగ్గర జవాబు లేదు. ఆ పేజీ ఉంది, లింకులూ ఉన్నాయి, ఏ లింకు దానిదో వినేవాళ్లకు తెలిసే దారే లేదు.

నన్నడిగితే ఇంతకు మించిన పరీక్ష లేదు. గూగుల్ కూడా తన మార్గదర్శకాల్లో ఇదే చెబుతుంది: లింకు మాటల్ని వాక్యం నుంచి విడదీసి చదవండి, అవతలి పేజీ దేని గురించో అర్థం కావాలి.

ఆ రాత్రే ప్లగిన్ తీసేయించి, మళ్లీ రాయడానికి కూర్చున్నాం. చీర భద్రపరిచే పేజీకి "పట్టు చీరలు" అని లింకు ఇస్తే అది అమ్మకం పేజీ అనుకుంటారు. "ఇక్కడ చూడండి" అంటే ఏమీ చెప్పనట్టే. "ధర్మవరం పట్టు చీరల జరీ నల్లబడకుండా ఇంట్లో భద్రపరిచే ఉత్తమ పద్ధతులు" అంటే వాక్యమంతా నీలిరంగే. చివరికి ఇట్లా రాశాం:

```html
మడతల దగ్గర జరీ దెబ్బతినకుండా
<a href="/cheera-bhadram">పట్టు చీర భద్రపరిచే పద్ధతి</a>
చదవండి.
```

కీవర్డ్ అందులో దానంతట అదే వచ్చింది గమనించండి. పేజీ దేని గురించో నిజాయితీగా చెబితే, జనం వెతికే మాట ఎట్లాగూ పడుతుంది. జరీ అసలుదా కాదా చూసుకునే పేజీకి వేరే మాటలు ఇచ్చాం. ఒకే మాటతో రెండు వేర్వేరు పేజీలకు లింకు ఇస్తే చదివేవాళ్లకూ గూగుల్‌కూ తికమకే. ఒకే పేజీకి రెండు మూడు రకాల మాటలతో లింకు ఇస్తే మాత్రం ఏమీ కాదు, వాక్యాన్ని బట్టి మారనీయండి.

తెలుగులో ఇంకో తంటా ఉంది. కీవర్డ్ చెడిపోతుందని భయపడి విభక్తి లేకుండా రాస్తారు, లేదా "చీరల" వరకు లింకు పెట్టి "కు" బయట వదిలేస్తారు. మాట మధ్యలో రంగు మారి చూడ్డానికే అసహ్యం. "పట్టు చీరలకు" అని రాయాల్సి వస్తే అట్లాగే రాసి, మాట మొత్తాన్నీ లింకులో పెట్టండి.

కొన్ని వారాల తర్వాత, గూగుల్ వెతుకులాటలో మన పేజీలు ఎట్లా వస్తున్నాయో చూపే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే, చీర దాచుకోవడం గురించి వెతికినవాళ్లకు హోమ్ పేజీ బదులు ఆ పేజీ రావడం మొదలైంది. అదే సమయంలో ఆ పేజీ టైటిల్ కూడా మార్చాం కాబట్టి దానివల్లే అని అన్న వాదిస్తాడు. లింకుల వల్లే అని నా పట్టు.

ఇక ఎన్నిసార్లు అంటే, పేజీలో ఇన్ని లింకులుండాలన్న లెక్కేదీ లేదని గూగులే రాసింది. రెండు లింకులు పక్కపక్కనే ఆనించి పెట్టకండి, ఒకటే లింకులా కనబడతాయి. చీర ఫొటోకు లింకు పెడితే మాత్రం దాని alt లో, అంటే ఫొటోలో ఏముందో చెప్పే వివరణలో, ఉన్న మాటలే లింకు మాటలవుతాయి. మా అన్న సైట్‌లో అన్ని ఫొటోలకూ అక్కడ IMG తో మొదలయ్యే కెమెరా నంబర్లే ఉండేవి.