మీ గేమ్‌లో ఇనుము పోగుపడిపోతోందా? కత్తి తయారీ రెసిపీ ధర కాదు, కత్తి ఆయుష్షు చూడండి

> «నెల తిరిగేసరికి ఒక్కో ప్లేయర్ దగ్గర వేలల్లో ఇనుము. రెసిపీ ధర పెంచినా తగ్గట్లేదు.»

మీ కత్తి ఎప్పటికీ అరగదేమో చూడండి. అలాగైతే ఇనుము ఒక్కసారే ఖర్చవుతుంది, గనులు మాత్రం రోజూ ఇస్తూనే ఉంటాయి. ధర పెంచితే కొత్తవాళ్లే నలుగుతారు.

1. గంటకు 60 ఇనుము వస్తోందనుకుంటే, రిపేరుకు 20, బాణం ములుకులకు 25 పోవాలి. మిగిలే 15తో 300 ఇనుము కత్తికి 20 గంటలు పడుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతి రిపేరుకూ కత్తి గరిష్ఠ మన్నిక అసలు విలువలో 10% తగ్గాలి. లేకపోతే పాత కత్తులు చేతులు మారుతూనే ఉంటాయి, కొత్తది ఎవరూ చేయరు. ప్లేయర్ల మధ్య అమ్మకం ఖర్చు కిందకు రాదు, ఇనుము ఆటలోనే ఉంటుంది.

3. కత్తి కరిగిస్తే 20% మించి తిరిగివ్వకండి.

రోజూ పుట్టిన ఇనుము, నాశనమైన ఇనుము లాగ్ చేయండి. తేడా ఆడిన గంటల కన్నా వేగంగా పెరుగుతుంటే ములుకుల ఖర్చు పెంచండి.