పెద్ద రిపోర్టులో డయాగ్రములన్నిటికీ గుర్తులు, బాణాలు ఒకే అర్థంలో ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: తిరుపతిలో ఎంటెక్ చేస్తున్నాను. థీసిస్‌లో 30 దాకా డయాగ్రములున్నాయి, ఒక్కోటి ఒక్కో నెలలో గీశాను. మా గైడ్ చూసి "ఈ బాణానికి ఇక్కడొక అర్థం, అక్కడొక అర్థం ఉందే" అన్నారు. అన్నీ మళ్లీ గీయకుండా సరిచేసుకునే దారి ఉందా?

జవాబు:

ఉంది. చిత్తూరు జిల్లాలో ఒక గొలుసుకట్టు చెరువుల రిపోర్టుకు పనిచేసినప్పుడు నాకూ ఇదే ఎదురైంది. ముగ్గురం కలిసి 22 బొమ్మలు గీశాం. నాలుగో బొమ్మ నాది. అందులో చుక్కల గీత అంటే కొత్తగా తవ్వబోయే కాలువ. పదకొండో బొమ్మ ఇంకొకరిది. అందులో అదే చుక్కల గీత అంటే భూమిలో ఎప్పుడో వేసేసిన పైపు. గుర్తుల పట్టిక నాలుగో బొమ్మ కింద ఒకసారి ఇచ్చాం కదా అని మళ్లీ ఇవ్వలేదు. పరిశీలించిన అధికారి ఆ పైపును కొత్త పని అనుకుని, ఎస్టిమేట్‌లో దాని ఖర్చు ఎందుకు లేదని అడిగారు. ఆయన తప్పేమీ లేదు, మా పట్టిక చెప్పినట్టే చదివారు.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద పట్టిక వేశాం. పక్కన నిలువుగా గుర్తులు, పైన వరసగా బొమ్మల నంబర్లు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: గుర్తుకు పేరు పెట్టకుండా అది కంటికి ఎలా కనబడుతుందో అదే రాయాలి. "పైపు" అని రాయకండి, "చుక్కల గీత" అని రాయండి. ప్రతి గడిలో ఆ బొమ్మలో దాని అర్థం రాయాలి. ఒక అడ్డువరసలో రెండు అర్థాలు కనబడితే చదివేవాళ్లు మోసపోయే చోటు అదే. ఒకే అర్థం రెండు వరసల్లో ఉంటే, అంటే బావిని ఒకచోట గుండ్రంగా, ఇంకోచోట చతురస్రంగా గీసి ఉంటే, చదవడం నెమ్మదిస్తుంది కానీ తప్పు అర్థం రాదు. అందుకే మొదటి రకం ముందు సరిచేయండి.

మా చుక్కల గీత మీద రెండు ప్రశ్నల బరువు పడింది: ఇది ఉన్నదా, రాబోయేదా? పైకి కనిపించేదా, భూమిలో ఉన్నదా? రెంటినీ విడగొట్టాం. ఉన్నదానికి నిండు గీత, రాబోయేదానికి చుక్కల గీత. తెరిచిన కాలువకు ఒంటి గీత, పైపుకు జంట గీతలు. అప్పుడు రాబోయే పైపు అంటే జంట చుక్కల గీతలు అని కొత్తగా చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది. రంగులను మాత్రం నమ్ముకోలేదు. జిరాక్స్‌లో మా నీలం, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిద రంగై వచ్చాయి.

బాణాల సంగతి ఇంకా చిక్కు. నా బొమ్మల్లో బాణం నీళ్లు పారే దిక్కు చూపేది. పదిహేనో బొమ్మలో పొలం నుంచి చెరువుకు బాణం ఉంది. గీసినాయన ఉద్దేశం "ఈ పొలం ఈ చెరువు మీద ఆధారపడింది" అని. సాఫ్ట్‌వేర్ వాళ్ల యూఎంఎల్‌లోనూ ఆధారపడే బాణం అలాగే పోతుంది, ఆధారపడేదాని నుంచి ఆధారం వైపు. కానీ మా రిపోర్టులో అలా చదివితే పొలంలో నీళ్లు చెరువులోకి ఎక్కుతాయి! దీన్ని పట్టుకోవడానికి ప్రతి బాణాన్నీ పైకి ఒక వాక్యంగా చదివాం: "ఎగువ చెరువు మరవ నుంచి దిగువ చెరువుకు నీళ్లు పోతాయి." మరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే కట్టడం. చివరి క్రియ మారిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. పదిహేనో బొమ్మలో "చెరువు పొలానికి నీళ్లిస్తుంది" అని తిప్పి చెప్పగలిగాం కాబట్టి బాణాన్నీ తిప్పేశాం. నిధుల మంజూరు చూపే బొమ్మను అలా తిప్పలేం. అక్కడ బాణపు తల తీసేసి, గీత మీదే "మంజూరు" అని రాశాం.

మేము వాడింది draw.io. ఒక లైబ్రరీ చేసుకుని ఖరారైన గుర్తులన్నీ అందులో పెట్టాం. అయితే అక్కడి నుంచి లాగి పెట్టినది నకలే. లైబ్రరీలో మార్చినా పాత బొమ్మలు మారవు, వాటిని వెతికి పట్టుకోవాలి. ఫైలును కంప్రెస్ చేయకుండా సేవ్ చేసి ఉంటే లోపలిదంతా మామూలు టెక్స్టే కాబట్టి చుక్కల గీతలున్న ఫైళ్లు ఇలా దొరుకుతాయి:

```
grep -l "dashed=1" *.drawio
```

ఇక గుర్తుల పట్టికను ప్రతి బొమ్మ కిందా ఇవ్వండి, ఆ బొమ్మలో ఉన్న గుర్తులు మాత్రమే, ఎప్పుడూ ఒకే వరసలో. మాటలు కూడా చూసుకోండి. మేము ఒకచోట మరవ, ఒకచోట కలుజు, ఇంకోచోట వియర్ అని రాసి ఒకే కట్టడాన్ని మూడు చేశాం.

ఇదంతా అయ్యాక చూస్తే, 22 బొమ్మల్లో చేయి పెట్టాల్సినవి ఆరే. రెండు మాత్రం మొదటి నుంచి గీయాల్సి వచ్చింది.