తేనె చెడదు, మూత బిగించి ఉన్నంతకాలం

అమ్మలూ,

నువ్వు ఫోన్‌లో అడిగింది మంచి ప్రశ్న. అరకులో ఒకేచోట కొన్న రెండు తేనె సీసాల్లో, సీలు తీయనిది ఏడాదైనా అలాగే ఉంది. స్టీలు డబ్బాలోకి వంపి పొయ్యి పక్కన పెట్టుకున్నది మాత్రం నురగ కట్టి పుల్లటి వాసన వేసింది. తేనె ఎన్నాళ్లయినా చెడదంటారు కదా, మరి ఇదేంటని నీ అనుమానం. ఇన్నేళ్లు తేనె వ్యాపారంలో ఉన్నదాన్ని కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

తేనె చెడకపోవడానికి అసలు కారణం అందులో నీళ్లు తక్కువగా ఉండటం. పూలలోని మకరందంలో ముప్పాతిక వంతు దాకా నీళ్లే ఉంటాయి. తేనెటీగలు దాన్ని నోటితో తీసి, చప్పరించి, రెక్కలతో విసిరి ఆరబెడతాయి. నీళ్లు 18 శాతం దగ్గరికి దిగాక ఆ గదికి మైనంతో మూత వేస్తాయి. మిగిలినదంతా దాదాపు చక్కెరే. అంత చక్కెర మధ్య ఉన్న కొద్దిపాటి నీటిని ఆ చక్కెరే పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు వదలదు. పైగా తేనెలో పడ్డ సూక్ష్మజీవి ఒంట్లోని నీళ్లను కూడా లాగేస్తుంది. అందుకే అక్కడ ఏదీ పెరగలేదు. దీనికి తోడు తేనెకు సహజంగానే పులుపు ఉంది. తీపి కింద అది మన నాలుకకు తెలియదు గానీ, బాక్టీరియాకు బాగా తెలుస్తుంది.

అయితే తేనెలో ఈస్టులు ఎప్పుడూ ఉంటాయి. పూలమీంచీ, పట్టులోంచీ వస్తాయి. ఎక్కువ చక్కెరను తట్టుకునే రకాలవి. చావవు, అలా అని పెరగనూ లేవు, నీళ్ల కోసం కాచుకుని ఉంటాయంతే. 18 శాతం దగ్గర మనకు భయం లేదు. 20 దాటితే అవి పెరిగి తేనెను పులియబెట్టడం మొదలుపెడతాయి. అంతర్జాతీయంగా పాటించే కోడెక్స్ ప్రమాణం కూడా మామూలు తేనెకు 20 శాతమే హద్దు పెట్టింది. మధ్యలో ఉన్న తేడా ఎంత చిన్నదో చూశావా? మూత సంగతంతా ఇక్కడే ఉంది.

సీసా మూత సూక్ష్మజీవుల్ని రాకుండా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అవి లోపల ముందే ఉన్నాయి కదా! మూత ఆపేది గాలిలోని తేమని. తేనె గాలిలోంచి నీళ్లు తాగుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం ఉన్నప్పుడు 18 శాతం నీళ్లున్న తేనె తాగనూ తాగదు, ఆరనూ ఆరదు. అంతకన్నా తేమ ఎక్కువైతే తాగడం మొదలుపెడుతుంది. మన విశాఖలో సముద్రపు గాలికి ఏడాదిలో చాలా రోజులు 70 దాటే ఉంటుంది. దీనికి మీ వంటింట్లోనే గుర్తు ఉంది. ఉప్పు 75 శాతం తేమ దగ్గర చెమ్మగిల్లుతుంది. నీ ఉప్పు డబ్బాలో ఉప్పు తడితడిగా ముద్దయిందంటే, మూత వదులుగా ఉన్న తేనె అంతకు ముందునుంచే నీళ్లు తాగుతోందన్నమాట.

ఎన్ని నీళ్లు చేరితే ప్రమాదమో లెక్క వేసి చూద్దాం. కిలో తేనెలో 18 శాతం నీళ్లంటే 180 గ్రాములు, మిగతా 820 గ్రాములు చక్కెర వగైరా. నీళ్లు 21 శాతానికి చేరాలంటే మొత్తం బరువు 1038 గ్రాములు కావాలి. అంటే చేరాల్సింది 38 గ్రాములు, రెండున్నర టేబుల్ స్పూన్ల నీళ్లు. అబ్బో, అన్ని నీళ్లు గాలిలోంచి ఎప్పటికి చేరేను అనిపిస్తుంది. కానీ తేనె చిక్కన కాబట్టి తాగిన నీళ్లు అడుక్కి తొందరగా దిగవు, పైపొరలోనే ఉండిపోతాయి. పైనున్న వంద గ్రాముల పొర ఒక్కటే 21కి చేరడానికి నాలుగు గ్రాములు కూడా అక్కర్లేదు, ఒక టీస్పూను నీళ్లకన్నా తక్కువ. వదులు మూత, పొయ్యిమీంచి వచ్చే ఆవిరి, రోజూ ముంచే తడి చెంచా కలిస్తే అదేమంత పెద్ద విషయం కాదు. నీ డబ్బాలో జరిగింది ఇదేనని నా నమ్మకం. రేపు మూత తీసి చూడు, అడుగు తేనె ఇంకా బాగానే ఉండొచ్చు, పాడైంది పైనుంచే మొదలై ఉంటుంది.

పైగా నువ్వు కొన్నది కొండతేనె. అడవిలో పట్టు మొత్తం పిండినప్పుడు, ఈగలు ఇంకా మూత వేయని గదుల్లోని పచ్చి తేనె కూడా కలిసిపోతుంది. అందులో నీళ్లు మొదటినుంచే ఎక్కువ. అది కల్తీ కాదు, రుచిలో లోటూ లేదు. కాకపోతే హద్దుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మూత విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. చెంచాతో ఎత్తినప్పుడు తీగలా సాగకుండా గబగబా జారిపోయే తేనెను చిన్న సీసాల్లో పోసుకుని, ఒకటి అయ్యాకే ఇంకొకటి తీసుకో.

పులిసిందని ఎలా తెలుస్తుందంటే, మూత తీయగానే గ్యాసు శబ్దం వస్తుంది, కల్లు వాసన వేస్తుంది, నురగ తీసేసినా మళ్లీ వస్తుంది. కొత్తగా పోసిన తేనెపైన కనిపించే తెల్లటి నురగ వేరు. అది గాలి బుడగలూ మైనం తుంపులూ, ఒకసారి తీసేస్తే మళ్లీ రాదు. పులిసినదాన్ని వేడి చేస్తే ఈస్టు చస్తుంది గానీ రుచి తిరిగి రాదు, చేరిన నీళ్లూ పోవు. నేనైతే పారబోస్తాను.

తేనె గడ్డకట్టడం మాత్రం చెడిపోవడం కాదు. గ్లూకోజు పలుకుల్లా విడిపోయిందంతే. కానీ ఒకటి గమనించుకో. పలుకులు కిందకి చేరాక పైన మిగిలిన ద్రవంలో నీళ్ల పాలు పెరుగుతుంది, అందుకే సగం గడ్డకట్టిన సీసా తొందరగా పులుస్తుంది. మూత గట్టిగా బిగించి, చెయ్యి పట్టేంత గోరువెచ్చని నీళ్లలో సీసాను కాసేపు నిలబెట్టి, కరిగాక పొడి చెంచాతో కలిపేయి. మూత తీసి నీళ్లలో పెట్టావో, ఆవిరి మళ్లీ లోపలికే వెళుతుంది. ఫ్రిజ్ కూడా వద్దు. చల్లటి సీసాను మన ఊరి గాలిలో తెరిస్తే లోపలి గోడలకు నీటి బిందువులు పడతాయి.

ఇప్పుడు నీ రెండో సీసా సంగతి. దాన్ని గాజు సీసాలోనే ఉండనీ. పొయ్యికీ సింకుకీ దూరంగా అల్మారాలో పెట్టు. రోజువారీకి ఒక చిన్న మరమూత సీసాలోకి పోసుకో. ఆ సీసా కడిగాక ఎండలో పూర్తిగా ఆరాలి, అడుగున తడి ఉండకూడదు. వాడిన ప్రతిసారీ అంచు తుడువు. అంచుకి తేనె అంటుకుంటే మూత సరిగ్గా కూర్చోదు.

చివరగా చంటిదాని గురించి. తేనెలో పెరగలేని బాక్టీరియా కొన్ని గింజల్లాంటి స్థితిలో బతికే ఉంటాయి. మన కడుపులో వాటివల్ల ఏమీ కాదు. ఏడాది నిండని పిల్లల పేగుల్లో మాత్రం బొటులిజం తెచ్చేవి మొలకెత్తి విషం తయారుచేయగలవు. ఎంత మంచి తేనెకైనా, ఎంత బాగా సీలు చేసినదానికైనా ఇది వర్తిస్తుంది. ఇంట్లో కాచినా అవి చావవు. మొదటి పుట్టినరోజు దాటేదాకా నాలుకకు రాయడం కూడా వద్దు. మీ అత్తగారు ఆనవాయితీ అంటే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ