సెల్లార్‌లో నా స్లాట్ దగ్గర ఈవీ ఛార్జింగ్ పాయింట్: అసోసియేషన్ ఒప్పుకునేలా ఎలా అడిగాను

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో నాకు కేటాయించిన పార్కింగ్ ఉంది. ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. ఛార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానని అంటే ప్రెసిడెంట్ గారు "రేపు అందరూ అడిగితే ఏం చేయాలి?" అంటున్నారు. అనుమతి ఎలా అడగాలి? అసోసియేషన్‌తో పని లేకుండా కరెంట్ ఆఫీసుకే వెళ్లి పెట్టించుకోవచ్చా?

జవాబు:

కరెంట్ ఆఫీసుకి వెళ్లే ముందు అసోసియేషన్ పని పూర్తి చేసుకోండి. నేనూ మొదట మీలాగే ఆలోచించాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. ఆ సవరణ ప్రకారం ఈవీ ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడగవచ్చు. మన ఇంటి కనెక్షన్ నుంచే బండి ఛార్జ్ చేసుకోవచ్చని విద్యుత్ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు అంతకు ముందు నుంచే చెబుతున్నాయి. కాబట్టి కరెంట్ తీసుకునే హక్కు గురించి తగాదా లేదు. అడ్డు వచ్చేది కేబుల్ వెళ్లే దారి. స్లాట్ మీదే కావచ్చు, కానీ మీటర్ల గది నుంచి అక్కడిదాకా ఉన్న సీలింగ్, గోడలు, స్తంభాలు అందరివీ. మా ఇంట్లో ఆ దూరం 38 మీటర్లు. అంత దూరం ఉమ్మడి గోడల మీద కేబుల్ లాగాలంటే కమిటీ తీర్మానం ఉండాల్సిందే. విడి మీటర్ గురించి అడిగితే మా సెక్షన్ ఆఫీసులో కూడా ముందు అసోసియేషన్ ఎన్‌ఓసీ తెమ్మన్నారు.

నా మొదటి ప్రయత్నం కుదరలేదు. వాట్సాప్ గ్రూపులో మూడు లైన్ల మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి నలభై జవాబులు వచ్చాయి. మంటలు అంటుకుంటాయని ఒకరు, కామన్ బిల్లు పెరుగుతుందని ఇంకొకరు రాశారు. వాళ్ల భయానికి కారణం ఉంది. అంతకు ముందు ఒకాయన వాచ్‌మన్ గది పక్కనున్న 15 ఆంపియర్ల సాకెట్‌లో ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి స్కూటర్ ఛార్జ్ చేసేవారు. ఆ సాకెట్ నల్లబడి, ప్లాస్టిక్ కరిగింది. ఆ కరెంట్ కూడా కామన్ మీటర్ మీదే వెళ్లింది. అది చూసినవాళ్ల ముందు "నాకు హక్కు ఉంది" అని నేను వాదించి ఉంటే పని ఇంకా చెడిపోయేది.

రెండోసారి అడిగేటప్పుడు వాళ్ల మూడు అనుమానాలకీ కాగితం మీద సమాధానం రాసుకుని వెళ్లాను. కరెంట్ డబ్బులు ఎవరివి, ప్రమాదం జరగకుండా ఏం చేస్తావు, అందరూ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా?

మొదటిది తేలిక. పాయింట్‌కి కరెంట్ నా ఫ్లాట్ మీటర్ దాటాక, అంటే మీటర్ల గదిలో నా మీటర్ అవుట్‌పుట్ నుంచే తీసుకుంటానని రాశాను. కామన్ మీటర్‌తో సంబంధమే ఉండదు కాబట్టి అనుమానానికి తావు లేదు. ఇక్కడ మీరొకటి గమనించాలి. సింగిల్ ఫేజ్ ఇళ్లకు సాధారణంగా ఉండే మీటర్ మీద 5-30 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. గోడకి బిగించే 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ ఛార్జర్ ఒక్కటే సుమారు 32 ఆంపియర్లు లాగుతుంది. ఆ మీటర్ మీద అది నడవదు, త్రీ ఫేజ్‌కి మారాలి. నేను కారుతో వచ్చిన 3.3 కిలోవాట్ల పోర్టబుల్ ఛార్జర్‌తోనే సరిపెట్టుకున్నాను. అది దాదాపు 14 ఆంపియర్లే తీసుకుంటుంది. రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే కారుకి ఆరేడు యూనిట్లు చాలు, రెండు గంటల్లో ఎక్కేస్తాయి. మాకు మంజూరైన లోడ్ 2 కిలోవాట్లు ఉండేది, దాన్ని 5కి పెంచమని దరఖాస్తు పెట్టాను. రాత్రి ఒక ఏసీ, కారు కలిసి నడిచినా అందులో ఇమిడిపోతాయి.

బిల్లు విషయం మాత్రం ముందే లెక్కవేసుకోండి. మా ఇంటికి నెలకి 220 యూనిట్లు వచ్చేవి, కారుకి మరో 180. అప్పటి గృహ శ్లాబుల్లో 201 నుంచి 300 దాకా యూనిట్‌కి రూ.7.70, 301 నుంచి 400 దాకా రూ.9. అంటే కారు యూనిట్లన్నీ పై శ్లాబుల్లోకే వెళ్లి పడ్డాయి. 80 యూనిట్లకి రూ.616, మిగతా 100కి రూ.900, మొత్తం సుమారు రూ.1,516 పెరిగింది. మీ ఇంటి వాడకం ఇప్పటికే ఎక్కువైతే ఈవీ కేటగిరీలో విడి మీటర్ ఎంత పడుతుందో పోల్చి చూసుకోండి.

ప్రమాదం గురించిన అనుమానానికి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చిన్న డ్రాయింగ్ వేయించి, సంతకం తీసుకున్నాను. వచ్చిన మొదటి మనిషి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు చాలన్నాడు. గంటల తరబడి నిండు లోడ్ నడిచే లైన్‌కి, అదీ వేడిగా ఉండే సెల్లార్ సీలింగ్ కింద, అది నాకు నచ్చలేదు. 38 మీటర్ల దూరానికి దానిలో సుమారు 8 వోల్టులు పోతాయి. 6 స్క్వేర్ ఎంఎం రాగి ఆర్మర్డ్ కేబుల్ వేస్తే మూడు, మూడున్నర వోల్టులే పోతాయి, కేబుల్ వేడెక్కదు. మీటర్ దగ్గర లోడ్ మితిమీరితే పడిపోయే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంట్ లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. సాకెట్‌ని తాళం వేసే ఇనుప డబ్బాలో పెట్టాం. వానాకాలం మన సెల్లార్లలో నీళ్లు నిలుస్తాయి కదా, అందుకని నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో బిగించాం. డ్రైనేజీ పైపు కింద గానీ, జనరేటర్ పక్కన గానీ లేకుండా చూశాం. నీళ్లు వచ్చినా, పొగ వచ్చినా వాచ్‌మన్ సెల్లార్‌లోకి దిగకుండానే ఆపేయడానికి ఎంసీబీ మీటర్ల గదిలో ఉండటం బాగా పనికొస్తుంది. సెక్రటరీ గారికి అన్నింటికన్నా నచ్చింది ఇదే.

మూడో ప్రశ్న మీ ప్రెసిడెంట్ గారు అడిగినదే, నిజంగా కష్టమైనది కూడా అదే. దీన్ని కొట్టిపారేయకండి. మా ట్రాన్స్‌ఫార్మర్ 160 కేవీఏ. అంటే ఒక్కో ఫేజ్‌కి సుమారు 222 ఆంపియర్లు. అందులో 80 శాతం, అంటే 178 దాటకూడదని పెట్టుకున్నాం. ఏప్రిల్‌లో ఏసీలన్నీ నడుస్తున్న ఒక రాత్రి 10 గంటలకి సెక్రటరీ గారిని పక్కన నిలబెట్టుకుని, ఎలక్ట్రీషియన్ మెయిన్ ప్యానెల్ దగ్గర వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచే టాంగ్ టెస్టర్‌తో చూశాడు. మూడు ఫేజ్‌లలో ఆర్ ఫేజ్‌లో 128, వై ఫేజ్‌లో 141, బి ఫేజ్‌లో 96 ఆంపియర్లు వచ్చాయి. ఒక్కో కారుకి 14 ఆంపియర్లు అనుకుంటే ఆర్ మీద మూడు కార్లు, వై మీద రెండు, బి మీద ఐదు పడతాయి. అంటే ఆ వేసవి రాత్రి కూడా పది కార్లకి చోటు ఉంది. రాత్రి ఒంటిగంటన్నరకి మళ్లీ చూస్తే ఒక్కో ఫేజ్‌లో 25, 30 ఆంపియర్లు తగ్గింది. నా మీటర్ బి ఫేజ్ మీద ఉంది, కాబట్టి నా ఒక్కడి కారు వల్ల ఇబ్బందే లేదు.

ఈ లెక్క చూపించాక మీటింగ్‌లో మాటతీరు మారిపోయింది. "ఒప్పుకోవాలా, వద్దా" అన్న చర్చ పోయి "ఎన్ని కార్ల దాకా ఒప్పుకోవాలి" అన్న చర్చ మొదలైంది. చివరికి మొదటి పది పాయింట్లకి, రాత్రి ఒంటిగంట తర్వాతే ఛార్జింగ్ మొదలయ్యేలా టైమర్ పెట్టుకోవాలన్న షరతుతో అనుమతి ఇచ్చారు. పదకొండో మనిషి అడిగినప్పుడు మళ్లీ కొలిచి, అవసరమైతే ఫేజ్‌లు సర్దడమో, ట్రాన్స్‌ఫార్మర్ పెంచడమో చేయాలని రాసుకున్నారు. ఒకే ఇంట్లో రెండో కారుకి తర్వాతి వంతే ఇవ్వాలని కూడా ఒకరు పట్టుబట్టారు, అది న్యాయమేననిపించింది.

నేను ఇచ్చిన ఉత్తరం ఇలా ఉంది, మీ వివరాలు మార్చి వాడుకోండి:

"గౌరవనీయులైన కార్యదర్శి గారికి, ఫలానా ఫ్లాట్ యజమానిని. నాకు కేటాయించిన ఫలానా నంబర్ పార్కింగ్ స్లాట్ దగ్గర 16 ఆంపియర్ల ఛార్జింగ్ సాకెట్ ఏర్పాటు చేసుకోవడానికి అనుమతి కోరుతున్నాను. కరెంట్ నా ఫ్లాట్ మీటర్ నుంచే తీసుకుంటాను. కేబుల్ దారి, రక్షణ పరికరాల వివరాలు, ఎలక్ట్రీషియన్ సంతకంతో ఉన్న డ్రాయింగ్ జతపరిచాను. ఖర్చంతా నాది. కేబుల్ వేసిన చోట గోడ, సీలింగ్ దెబ్బతింటే నేనే బాగుచేయిస్తాను. ఛార్జింగ్ రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం 6 గంటల మధ్య మాత్రమే చేస్తాను. ఛార్జింగ్ పాయింట్ల వల్ల ట్రాన్స్‌ఫార్మర్ పెంచాల్సి వస్తే నా వాటా భరిస్తాను. ఫ్లాట్ అమ్మినా, అద్దెకిచ్చినా ఈ షరతులు తర్వాతివారికి వర్తిస్తాయి. ఈ అభ్యర్థనను తదుపరి కమిటీ మీటింగ్‌లో చేర్చగలరు."

దీన్ని గ్రూపులో పెట్టకండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పార్కింగ్ కేటాయింపు కాగితం జిరాక్స్ జతచేయండి. మీటింగ్ అయ్యాక తీర్మానం మినిట్స్ బుక్‌లో ఎక్కిందో లేదో చూసి, ఆ పేజీ కాపీ అడగండి. కమిటీ మారితే మీకు మిగిలే ఆధారం అదే. మాకు ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి తీర్మానానికి ఐదు వారాలు, పనికి ఒక్క రోజు పట్టింది. కేబుల్, బ్రేకర్లు, డబ్బా, కూలీ కలిపి 24 వేల దాకా అయింది.

ఇక ఎర్తింగ్. మీటింగ్‌లో ఎవరూ అడగరు గానీ, కారు మాత్రం తప్పకుండా అడుగుతుంది. ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి, ఛార్జింగ్ మొదలే కాదు. పని పూర్తయిన రోజు సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూపించమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. మాకు మొదట 11 వోల్టులు వచ్చింది. బిల్డింగ్ పాత ఎర్త్ పిట్ ఎండిపోయి ఉందని అప్పుడు తెలిసింది. కొత్త పిట్ వేయించాక 2 లోపుకి దిగింది. మొదటి వారం రోజూ ఛార్జింగ్ మొదలైన గంటకి ప్లగ్ పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేసి సాకెట్ లోపలి స్క్రూలు బిగించమని చెప్పండి. ఆ పాత స్కూటర్ సాకెట్ కరిగింది కూడా వదులైన స్క్రూ వల్లేనని మా ఎలక్ట్రీషియన్ విప్పి చూపించాడు.