రెండడుగుల కాలువ సరిపోతుందా?

ప్రశ్న: మా వీధిలో రోడ్డు పక్కన వాన నీటి కాలువ కడుతున్నారు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు అంటున్నారు. సరిపోతుందా? ఈ సైజు ఎలా లెక్కేస్తారు?

వాలు ఎంతో చెప్పకుండా సరిపోతుందా అంటే ఎవరూ చెప్పలేరు. మాది పర్లాకిమిడి. డిప్లొమా చదివి కొన్నాళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. సరిగ్గా ఈ కొలతలతోనే మా వీధి కాలువ కట్టారు, మొదటి పెద్ద వానకే మా గుమ్మంలోకి నీళ్లొచ్చాయి.

అందరూ కాలువ చిన్నదైపోయిందన్నారు. నాకు నమ్మకం కలగక కాగితం తీశాను. మా వీధి, పక్క రెండు సందులు కలిపి సుమారు రెండు హెక్టార్ల మీద పడే నీరు ఈ కాలువలోకే రావాలి. గంటకు 70 మిల్లీమీటర్ల వాన అనుకుంటే గంటలో 1400 ఘనమీటర్లు పడుతుంది. కొంత ఇంకిపోగా నూటికి డెబ్భై వంతులు పారుతుందని వేసుకున్నా. అంటే సెకనుకు 272 లీటర్లు. (2018 తిత్లీ లాంటి తుపానుకు ఏ వీధి కాలువా ఆగదు, దాన్ని ఇందులో కలపకండి.)

ఇక కాలువ ఎంత మోయగలదో చెప్పేది మానింగ్ సూత్రం:

```
V = (1/n) × R^(2/3) × S^(1/2)
Q = A × V
```

వెడల్పు 0.6 మీటర్లు. పైన 15 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే నీటి లోతు 0.45. అప్పుడు A, అంటే నీరు పారే అడ్డుకోత వైశాల్యం, 0.27 చదరపు మీటర్లు. నీరు తగిలే అడుగు, రెండు గోడలు కలిపితే 1.5 మీటర్లు. 0.27ని దానితో భాగిస్తే R 0.18 వస్తుంది. S అంటే వాలు, డ్రాయింగులో 400కి 1. n అంటే గరుకు, నున్నటి సిమెంటుకు 0.015. ఇవన్నీ వేస్తే V, అంటే వేగం, సెకనుకు 1.06 మీటర్లు; Q, అంటే ప్రవాహం, సెకనుకు 287 లీటర్లు. కావలసింది 272. కాగితం మీద కాలువ పాస్!

మరి నీళ్లెందుకు పొర్లాయి? ఆదివారం మా బావమరిదిని పిలిచి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ ట్యూబు పట్టుకుని కాలువ అడుగు లెవెల్ చూశాం. మా ఇంటి ముందు 60 మీటర్ల దూరానికి 15 సెంటీమీటర్లు దిగాలి. దిగింది నాలుగు కూడా లేదు. పాతపట్నం నుంచి వచ్చిన మేస్త్రిని అడిగితే, "రోడ్డు అంచు నుంచి రెండడుగులు దింపాను బాబూ, ఎక్కడా అంగుళం తేడా లేదు" అన్నాడు గర్వంగా. తప్పు అక్కడే ఉంది. అక్కడ రోడ్డే చదునుగా ఉంది కాబట్టి కాలువ అడుగూ చదునైపోయింది. అతన్నేం అంటాం, డ్రాయింగు అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు. కాంట్రాక్టరు బిల్లు పెట్టేరోజు తప్ప కనిపించలేదు.

వాలు 1600కి 1కి పడిపోయిందన్నమాట. సూత్రంలో వాలుకి వర్గమూలం ఉంది కనుక, వాలు నాలుగోవంతైతే ప్రవాహం సగమవుతుంది. 287 కాస్తా 143 అయింది. పైగా గోడలకు ప్లాస్టరింగ్ లేదు, అడుగున ఇసుక, గడ్డి, ఎదురు కొట్టువాడి చెరకు పిప్పి. n 0.025 అనుకున్నా 86కి దిగిపోతుంది. వదిలిన ఖాళీ కూడా నిండి అంచు దాకా పారినా 123 దాటదు. ఇంకో సంగతి, వేగం సెకనుకు 0.6 మీటర్ల కంటే తగ్గితే ఇసుక కొట్టుకుపోకుండా కూర్చుంటుంది. మా కాలువలో 0.32. ఎంత తీసినా మళ్లీ పూడేది అందుకే, మనుషుల్ని తిట్టుకోవడం దండగ. (చెరకు రసం అతన్ని మాత్రం తిడతాను.)

వెడల్పు చేయించమని వీధి పెద్దలు పట్టుబట్టారు. ఆ చదును వాలుకి, నున్నటి సిమెంటుతో కూడా, మీటరు వెడల్పు కావాలి. అంత చోటు ఎక్కడుంది? అందరి మెట్లూ కాలువ మీదే కదా, మావి కూడా. అదృష్టం ఏమిటంటే కింద కల్వర్టు అడుగు మా కాలువ కంటే జానెడు లోతులో ఉంది. గోడల పునాదీ కిందికి ఉంది. అందుకని ఆ 60 మీటర్ల అడుగు కాంక్రీటు పగలగొట్టి, చివర 11 సెంటీమీటర్లు దింపి మళ్లీ వేశారు. గోడలు కూడా పూయించాం. కల్వర్టు ఎత్తులో ఉండి ఉంటే ఈ దారి మూసుకుపోయేదే.

కాబట్టి మీ వీధిలో రెండడుగులా మూడడుగులా అని వాదించకుండా, కాంక్రీటు పోయకముందే ట్యూబు పట్టుకుని కాలువ మొదలు, చివర, కల్వర్టు అడుగు ఈ మూడు లెవెళ్లు చూసుకోండి. మధ్యలో ప్రతి పది మీటర్లకూ ఒకసారి చూడండి. మొత్తానికి దిగుడు సరిపోయినా ఒక ముక్క చదునుగా ఉంటే నీళ్లు అక్కడే లేస్తాయి, ఆ ముక్క ముందున్న ఇల్లు మీదే కావచ్చు.