గొంతు ఆపరేషన్‌కు ముందు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

మూడేళ్ళుగా బొంగురుపోయిన గొంతుకు ఆపరేషన్ చేయించుకోబోతున్నావని మీ అమ్మ చెప్పగా, ఇప్పటికైనా చూపించుకున్నావని సంతోషించాను. సిగరెట్లు మాత్రం ఆపరేషన్ అయ్యాకే మానేస్తానన్నావని విని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీకు వచ్చిన రైంకే ఎడిమా అనే స్వరతంత్రుల వాపే నాకూ వచ్చింది. గొంతులో కంపిస్తూ మాట పుట్టించే స్వరతంత్రి పైచర్మం కింద ఒక మెత్తని పొర ఉంటుంది. ఏళ్ళ తరబడి పొగ తగిలి అందులో జిగురులాంటి ద్రవం చేరుతుంది. అలా బరువెక్కిన తంత్రి నెమ్మదిగా కంపించడం వల్లనే గొంతు అంతకంతకూ మంద్రమవుతుంది. ఇది క్యాన్సర్ కాదు, కానీ ఆ పొగే క్యాన్సర్‌కూ కారణం గనుక, తెల్లమచ్చ ఏదైనా కనిపించిందేమో డాక్టరును అడుగు. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

నేను చేసిన తప్పు వివరంగా చెబుతాను. నాకు మత్తు ఇచ్చి, నోటి గుండా గొట్టం పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ, తంత్రి పైభాగాన చిన్న గాటు పెట్టి ద్రవాన్ని తీసేశారు. రెండు తంత్రులూ ఆనుకునే అంచును తాకకుండా చర్మాన్ని మళ్ళీ కప్పారు. నెల తిరిగేసరికి గొంతు తేలికైంది. ఇక రోగం పోయిందనుకుని రోజుకు రెండు సిగరెట్లతో మళ్ళీ మొదలుపెట్టి, చివరికి పెట్టె దాకా వెళ్ళాను. రెండేళ్ళలో వాపు తిరిగి వచ్చింది. రెండోసారి కోసినప్పుడు మచ్చ కట్టి తంత్రి బిగుసుకుపోయింది. వాపును మళ్ళీ తీయవచ్చు గానీ, మచ్చ కట్టిన తంత్రికి పాత మెత్తదనం తెప్పించడం చాలా కష్టం. నా గొంతు ఈనాటికీ సన్నగా, గాలితో వస్తున్నదంటే కారణం అదే. అప్పట్లో మీ పిన్ని ఎంత చెప్పినా వినలేదురా, నువ్వైనా విను.

అందుచేత ముందుగా మానెయ్యి. మానేస్తే వాపు పెరగడం ఆగి, కొంత తగ్గవచ్చు. కొద్దిపాటి వాపైతే, గొంతును సరిగా వాడటం నేర్పే స్వరచికిత్సతో కలిపి అంతటితోనే సరిపోవచ్చు కూడా. ముదిరినది మాత్రం పూర్తిగా కరగదు, దానికి కోత తప్పదు. డాక్టరు ఒప్పుకుంటే తేదీ కొన్ని వారాలు వెనక్కి జరిపినా ఫరవాలేదు. కానీ మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, గాలి పీల్చేటప్పుడు గొంతులో శబ్దం వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకు, ఎందుకంటే బాగా ఉబ్బిన తంత్రులు ఊపిరి దారికే అడ్డుపడతాయి.

ఆపరేషన్ తరువాత డాక్టరు చెప్పినన్ని రోజులు మౌనంగా ఉండు; గుసగుసలూ వద్దు, అవీ గొంతును శ్రమపెడతాయి.

నీ చిన్నప్పటి గొంతు పూర్తిగా తిరిగి వస్తుందని ఆశపడకు; ఇప్పటికన్నా స్పష్టమైన గొంతు మాత్రం వస్తుంది. సిగరెట్లు మానేసిన రోజున నాకు ఫోన్ చెయ్యి. ఆసుపత్రికి నీ వెంట నేను వస్తాను.

మీ బాబాయి